గుంజకుండా నిలిచే జాలి

ఫాక్స్ సాగర్ చెరువు మీద గుర్రపు డెక్క పరుచుకుంటే, పొద్దు వాలగానే జీడిమెట్ల ఇళ్ళలో బాల్కనీ తలుపులు మూసుకుంటాయి. గాలి కావాలి, దోమ రాకూడదు. అందుకే చాలామంది అయస్కాంతాల జాలి కొంటారు. నెల తిరక్కుండానే అది నడుమ నోరు తెరుస్తుంది. లోపం అయస్కాంతాలదనుకుంటాం కానీ, చాలాసార్లు అది బిగింపులోనే ఉంటుంది. ఈ తేడా తెలిసిన ఒక ఫిట్టర్ పని చూడముచ్చటగా ఉంది.

ఆయన ముందు గుమ్మాన్ని మూడుచోట్ల కొలిచాడు. పైన 894 మిల్లీమీటర్లు, నడుమ 897, కింద 900. ఎడమ నిలువు చెక్క నిట్టనిలువుగా ఉంది. కుడిది మాత్రం కిందికి వచ్చేసరికి 6 మిల్లీమీటర్లు పక్కకు జరిగింది. తెర వెడల్పు 950. మనమైతే వెల్క్రో పట్టీని చెక్క అంచు వెంబడే అంటిస్తాం. అప్పుడు కుడి తెర కింది భాగం ఆ 6 మిల్లీమీటర్లు పక్కకు లాగబడి, అయస్కాంతాలు విడిపోతాయి.

ఆయన పై చెక్క నడిమధ్యన తూకం గుండు వేలాడదీసి, ఆ దారం నుంచి రెండు వైపులా 475 కొలిచి గీతలు గీశాడు. పట్టీ ఆ గీతను ఆనుకుని లోపలివైపే ఉంటుంది. కుడివైపు గుమ్మం అంచు నుంచి గీత వరకు పైన 28 మిల్లీమీటర్లు వస్తే, కింద 22 వచ్చింది. పట్టీ వెడల్పు 20 కాబట్టి అక్కడా చెక్క మీదే కూర్చుంది. వంకర చెక్కలోనే ఉండిపోయింది, తెరకు అంటలేదు.

అంటించే ముందు చెక్కను స్పిరిట్ గుడ్డతో తుడిచి ఆరనిచ్చాడు. పట్టీని గోడ లప్పం మీదికి పోనివ్వలేదు. అక్కడ జిగురు లప్పాన్నే పెళ్ళగించుకుని ఊడొస్తుంది. మర్నాటి దాకా పట్టీని కదపకుండా వదిలేసి, అప్పుడు తెర తెచ్చాడు. అయస్కాంతాలు కలిసి ఉండగానే నడిమధ్య పైన అంటించి, అక్కడి నుంచి మూలలకు, మూలల నుంచి కిందికి వచ్చాడు. ఇంటాయన సాయంగా అంచు పట్టుకుని లాగబోతే, “గుంజకు సారూ, గుంజితే నడుమ తెరుచుకుంటది” అన్నాడు.

తెర అడుగు గడపను తాకీ తాకనట్టు ఉండాలి. ఎక్కువైతే మడతపడి అయస్కాంతాలు కలవవు, తక్కువైతే దోమకు దారి. చీకటి పడ్డాక లోపల లైటు వేసి, బాల్కనీ నుంచి చూస్తూ అంచుల చుట్టూ వెలుగు గీతలు వెతికాడు. తర్వాత తెరను దాటి వదిలాడు. పైనుంచి కిందికి అయస్కాంతాలు వరసగా టకటకా కలిశాయి.

గాలి జోరుగా కొట్టే పై అంతస్తుల్లో మాత్రం ఈ తెర ఆగదు. అక్కడ అల్యూమినియం ఫ్రేము తలుపే సరి. దానికీ కొలతే ప్రాణం: గుమ్మం అత్యంత ఇరుకైన చోట తీసిన కొలత కన్నా ఫ్రేము కాస్త తక్కువ ఉండాలి, మిగిలిన సందును బ్రష్ పట్టీ మూయాలి. జాలిని గాడిలోకి రబ్బరు తాడుతో నొక్కేటప్పుడు మరీ బిగిస్తే నిలువు కమ్మీలు నడుమన లోపలికి వంగుతాయి. రెండింటిలోనూ పనితనం ఒక్కటే: జాలి బిగువు ఎక్కడ ఆపాలో చేతికి తెలియడం.