రెండు వాల్వులు, ఒకే రేటు

1980లలో అమెరికాలోని జాన్ డీర్ ట్రాక్టర్ల కంపెనీ విడిభాగాల విభాగానికి ఒక వింత ఎదురైంది. వేలల్లో చేసే భాగాల కొటేషన్లలో బయటివాళ్ల ముందు ఓడిపోయేది. కొద్దికొద్దిగా చేసే చిల్లర ఆర్డర్లు మాత్రం దానికే దక్కేవి. యంత్రాల్లో లోపమేమీ లేదు, తేడా ఓవర్‌హెడ్ పంచిన తీరులో ఉంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో ఇది పాఠమైంది. యాక్టివిటీ బేస్డ్ కాస్టింగ్‌కు పేరు తెచ్చిన ఉదాహరణల్లో ఇదొకటి.

చిన్న లెక్కతో చూద్దాం. ఒక వర్క్‌షాపు ఏడాదికి 8,000 మామూలు వాల్వులు, 2,000 స్పెషల్ వాల్వులు చేస్తుందనుకోండి. ఏదైనా ఒక్కోదానికి 2 మెషిన్ గంటలే. ఓవర్‌హెడ్ 20 లక్షలు, మొత్తం గంటలు 20,000. పాత పద్ధతిలో గంటకు 100 రూపాయలు, అంటే ఏ వాల్వుకైనా 200.

ఇప్పుడు ఆ 20 లక్షలు ఏ పనికి పోయాయో అడుగుదాం. మెషిన్లు నడపడానికి 10 లక్షలు, గంటకు 50. సెటప్‌లకు 6 లక్షలు. మామూలు రకం 400 చొప్పున 20 బ్యాచ్‌లు, స్పెషల్ 50 చొప్పున 40 బ్యాచ్‌లు. బ్యాచ్‌కో సెటప్ కాబట్టి ఒక్కోటి 10,000. తనిఖీకి 4 లక్షలు. మామూలు రకానికి 40 తనిఖీలు, స్పెషల్‌కు 160, ఒక్కోటి 2,000.

మామూలు వాల్వుకు మెషిన్ 100, సెటప్ 25, తనిఖీ 10, మొత్తం 135. స్పెషల్‌కు 100, 200, 160, మొత్తం 460. మెషిన్ ఖర్చు రెండింటికీ సమానమే. తేడా అంతా సెటప్, తనిఖీల నుంచే వచ్చింది. ఒకే సెటప్ ఖర్చును ఒకచోట 400 వాల్వులు మోస్తే, ఇంకోచోట 50 మోస్తున్నాయి. పాత లెక్క మామూలు రకం మీద 65 ఎక్కువ వేసి, స్పెషల్‌కు 260 తగ్గించింది. మొత్తం మీద రెండూ 5.2 లక్షలే, ఒకరి జేబులోంచి తీసి మరొకరికి ఇచ్చినట్టు. మొత్తం ఖర్చు పైసా మారలేదు.

నేరుగా అయ్యే ఖర్చు రెండింటికీ 600 అనుకుంటే, 950కి అమ్మిన స్పెషల్ మీద పాత లెక్క 150 లాభం చూపిస్తుంది. నిజానికి 110 నష్టం.

అలాగని స్పెషల్‌ను ఆపేస్తే దాని మీద పడ్డ 9.2 లక్షలూ మిగలవు. సెటప్ మెకానిక్ జీతం, ఇన్‌స్పెక్టర్ జీతం నడుస్తూనే ఉంటాయి. విద్యార్థులు పరీక్షలో ఎక్కువగా జారేది ఇక్కడే. ముందు చూడాల్సింది ధర పెంచడం, లేదా 50 బదులు 100 చొప్పున బ్యాచ్ వేయడం. డ్రైవర్ ఎంపికలోనూ జాగ్రత్త కావాలి. స్పెషల్ సెటప్‌కు మూడు గంటలు, మామూలుదానికి గంట పడితే, సెటప్‌ల సంఖ్య కాదు, సెటప్ గంటలే సరైన కొలత. అప్పుడు 460 కూడా తక్కువే అవుతుంది.