ఖాతా ఎవరిది?

వైద్య ఖర్చులకు సాయం కోరుతూ ఫోన్లలో తిరిగే అభ్యర్థనను చూసిన దాత సాధారణంగా రోగి కథ నిజమా కాదా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతాడు. అయితే బాగా వ్యాపించిన ఒక మోసంలో బిడ్డ, జబ్బు, ఆసుపత్రి ఇచ్చిన ఖర్చు అంచనా పత్రం అన్నీ నిజమైనవే. ఒక అసలు నిధి సేకరణ పేజీ నుంచి వాటిని తీసుకొని, క్యూఆర్ కోడ్ ఒక్కటే మార్చి పంచుతారు. నిజంగా బాధలో ఉన్న కుటుంబానికి చేరవలసిన సొమ్మును దారి మళ్లించడం కాబట్టి ఇది మామూలు మోసం కంటే క్రూరమైనది.

హైదరాబాదులోని ఒక ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు 12 లక్షల రూపాయలు కావాలన్న సందేశం వచ్చిందనుకుంటే, అందులోని ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతికినప్పుడు అదే చిత్రం మరో పేరుతోనో, పాత తేదీతోనో కనిపించవచ్చు. ఏమీ దొరకనంత మాత్రాన అభ్యర్థన నిజమని తేలినట్టు కాదు. తరువాత, సందేశంలోని నంబరుకు కాకుండా, ఆసుపత్రి సొంత వెబ్‌సైటులోని నంబరుకు ఫోన్ చేసి, అంచనా పత్రంపై ఉన్న రోగి నమోదు సంఖ్య చెప్పి, ఆ రోగి బిల్లుకు నేరుగా డబ్బు కట్టే వీలుందా అని అడగాలి. గోప్యత వల్ల జబ్బు వివరాలు చెప్పకపోయినా, ఈ ప్రశ్నకు వచ్చే జవాబుతో చాలా సందేహాలు తీరతాయి. యూపీఐలో చెల్లించేటప్పుడు తెరపై కనిపించే ఖాతాదారు పేరు రోగిదో, దగ్గరి బంధువుదో, నిధి సేకరణ సంస్థదో కాకపోతే అక్కడే ఆగిపోవాలి.

అడుగుతున్నది ధార్మిక సంస్థ అయినప్పుడు, నీతి ఆయోగ్ నిర్వహించే ngodarpan.gov.in లో దాని పేరు ఉండటం పనికొచ్చే ఆధారమే గాని, ఆ నమోదు ప్రభుత్వ యోగ్యతాపత్రం కాదు. అంతకంటే గట్టిది 80జి నమోదు, అంటే దాతకు ఆదాయపు పన్నులో మినహాయింపు లభించేలా పన్ను శాఖ సంస్థకు ఇచ్చే ఆమోదం. 2021 తర్వాత ఇచ్చిన ఈ నమోదు సంఖ్యలో మొదటి పది అక్షరాలు ఆ సంస్థ పాన్ సంఖ్యే కాబట్టి, రసీదుపై ఉన్న పాన్‌తో పోల్చి చూడటం ఎవరికైనా సాధ్యం. పాన్‌లో నాలుగో అక్షరం ట్రస్టుకు T, వ్యక్తికి P గనుక, ట్రస్టు పేరుతో ఇచ్చిన రసీదుపై P కనిపిస్తే ఆ సొమ్ము ఒక వ్యక్తి పేరున జమవుతున్నదేమోనని అనుమానించాలి.

విదేశీ పౌరసత్వం తీసుకున్న తెలుగువారి విరాళం చట్టం దృష్టిలో విదేశీ విరాళమే. సాధారణంగా సంస్థ దానిని ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతితో, న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోనే స్వీకరించాలి. ఊళ్లోని మామూలు ఖాతాకు పంపమని అడిగే సంస్థను నమ్మకూడదు.

డబ్బు పంపాక మోసమని తెలిస్తే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. సొమ్ము ఖాతా నుంచి ఖాతాకు మారిపోకముందే ఫిర్యాదు అందితే బ్యాంకులు దానిని నిలిపివేయగలవు.