నలభై సెకన్ల కత్తెర

గంటన్నర పాడ్‌కాస్ట్ ఇంటర్వ్యూలోంచి నలభై సెకన్లు ఏరి తీసే ఎడిటర్ పనితనం నాకు ఎంతో ఇష్టం. ఉదాహరణకు ఒక నేతన్నతో సంభాషణ అనుకుందాం. యాంకర్ ప్రశ్నే అర నిమిషం సాగుతుంది. "అంటే... ఏం చెప్పాలండీ" అంటూ ఆయన మొదలుపెడతాడు. మంచి ఎడిటర్ ఆ రెండూ తీసేసి, "ఆ రోజే మగ్గం అమ్మేశాను" అన్న మాట దగ్గర క్లిప్ తెరుస్తాడు. వేలితో పైకి తోసేసేవాళ్లు మొదటి రెండు మూడు సెకన్లలోనే తోసేస్తారు మరి. కానీ ఆ మాట తర్వాత ఆయన మింగిన గుటకను, ఆ చిన్న మౌనాన్ని మాత్రం ముట్టుకోడు. అసలు నేర్పు అక్కడే ఉంది.

తర్వాత అడ్డం వీడియోను నిలువుకు కోసి, ముఖం మధ్యకు తెస్తాడు. కింద ఛానెల్ పేరు, పక్కన బటన్లు కప్పేస్తాయి కాబట్టి సబ్‌టైటిల్ అక్షరాలను కాస్త పైకి జరుపుతాడు. యాసను యంత్రం తప్పుగా రాస్తే చేత్తో దిద్దుతాడు.

ఎక్కడ ఆపాలన్నది ఇంకా కష్టం. మగ్గం అమ్మిన సంగతి పూర్తవ్వాలి, మళ్లీ ఎలా కొన్నాడో వినాలనిపించాలి. యూట్యూబ్ షార్ట్స్‌లో ఆ పూర్తి ఎపిసోడ్‌ను "సంబంధిత వీడియో"గా జతచేయకపోతే లక్షల వ్యూస్ వచ్చినా శ్రోతలు పెరగరు. వివాదం కోసం మాటను సగంలో తెంపితే వచ్చినవాళ్లూ నిలవరు.

పాడ్‌కాస్ట్ నడిపేవారికి ఒక మనవి: వివరణలో ఈ ఎడిటర్ పేరు కూడా వేయండి.