కోచింగ్ ఫీజు కట్టే ముందు

డిగ్రీ ఫలితాలు రాగానే రామచంద్రపురంలో మా ఇంటికి పాత విద్యార్థుల పిల్లలు వస్తుంటారు. రిటైరయిన లెక్చరర్ని కదా, ఏదో ఒక దారి చెబుతానని వాళ్ల ఆశ. "ఏ కోర్సు చేస్తే మంచిదండీ?" అని అడుగుతారు. నేను మాత్రం కోర్సుల మాట పక్కన పెట్టి, జరిగిన సంగతులు చెప్పమంటాను. "నీకేది ఇష్టం?" అంటే విన్న ఉద్యోగాల పేర్లే చెబుతారు. జరిగినవాటిలోనైతే మనిషి ఎలాంటివాడో కాస్త దొరుకుతుంది.

మొన్న వచ్చిన అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ. నాన్న బ్యాంకు కోచింగ్ అంటున్నాడు, మేనత్త బీఈడీ అంటోంది, స్నేహితురాళ్లు హైదరాబాదు రమ్మంటున్నారు. తనకు మాత్రం టీచింగ్ ఇష్టమంది. "ఎప్పుడైనా చెప్పావా?" అంటే, పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్పి మానేసిందట. ఇంకాస్త అడిగితే, నోట్సు తయారుచేయడం బావుండేదనీ, అర్థంకాని పిల్లాడికి మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తే విసుగొచ్చేదనీ తేలింది. అంటే ఆమెకు నచ్చింది విషయాన్ని ఒక పద్ధతిలో పెట్టడం, పిల్లలతో గడపడం కాదు. బీఈడీ దగ్గర చాలామంది పొరబడేది ఇక్కడే.

ఎవరూ అడక్కపోయినా ఏం చేశావంటే, మేనమామ గారి రొయ్యల చెరువు నీళ్లు సీసాలో పట్టి, కిట్‌తో క్షారత చూసి, పుస్తకంలో రాసుకునేదాన్నని చెప్పింది. ఇష్టం ఎటు ఉందో అర్థమైంది.

ఇక బలం. దీన్ని మార్కుల్లో వెతికితే దొరకదు. నలుగురూ ఏ పని పడితే మన దగ్గరికి వస్తారన్నది చూడాలి. ప్రాక్టికల్స్‌లో ఈ అమ్మాయి బ్యాచ్‌వాళ్లు టైట్రేషన్ రీడింగు ఈమెకే వదిలేసేవారట. మూడుసార్లు చేసినా బ్యూరెట్‌లో ఇంచుమించు అదే అంకె వచ్చేది. అంకె తేడా వస్తే తోటివాళ్లు సరిపెట్టేసి రాసేవారు, ఈమె మాత్రం మళ్లీ మొదలుపెట్టేది. ఇది తనకు మామూలు విషయం కాబట్టి బలమని అనుకోనేలేదు. సొంత బలం కంటికి ఆనకపోవడం ఈ వయసులో చాలామందిలో చూశాను.

విలువల సంగతి అడగాలంటే, ఏ పని చేయడానికి మనసొప్పలేదో అడగాలి. సెలవుల్లో ఆక్వా మందుల దుకాణంలో కూర్చున్నప్పుడు, అవసరంలేని సీసా రైతుకు అంటగట్టమంటే తనవల్ల కాలేదట. దుకాణం మానేసింది.

ఇప్పుడు మూడూ ఒకచోట పెట్టి చూడండి. ఇష్టం ఆక్వా వైపు చూపిస్తోంది. అందులో అమ్మకాల ఉద్యోగాలకు కమీషనూ మంచి జీతమూ ఉన్నాయి, కానీ విలువ వాటిని కొట్టేసింది. బలం ల్యాబు వైపు తిప్పింది. చెరువు నీరు, రొయ్యపిల్లల్లో వైరస్, ఎగుమతికి ముందు యాంటీబయాటిక్ అవశేషాలు పరీక్షించే ల్యాబులకు ఇలాంటి చెయ్యి కావాలి. మూడింటిలో ఒక్క ఇష్టాన్నే పట్టుకుని ఉంటే ఆ పిల్ల మళ్లీ దుకాణంలోనే తేలేది.

అయితే మూడూ ఒకేసారి బయటపడతాయని లేదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారికి సేవ చేయాలన్నది ముందు నుంచీ ఉంది. సన్యాసం పుచ్చుకోబోతే రామకృష్ణ మిషన్ వాళ్లు వైద్యం చదవమన్నారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ జబ్బుతో పోవడం ఆయన్ని రోగాల పరిశోధన వైపు లాగింది. కొలిచే పనిలో ఆయన చెయ్యి ఎంత గట్టిదో లోకానికి తెలిసింది మాత్రం హార్వర్డులో, ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్‌ను నీలిరంగు గాఢతతో కొలిచే పద్ధతి 1925లో ప్రకటించాక. అక్కడ స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరాక ఆ మూడూ ఒకచోట కలిశాయి. అప్పటికి ఆయనకు 45 ఏళ్లు. మన డెల్టాలో బోదకాలు రాకుండా ఇంటింటికీ తెచ్చి మింగించిన డీఈసీ మాత్ర ఆయన బృందం నుంచి వచ్చిందే.

కాబట్టి కాగితం మీద తేలినదాన్ని పనిలో పరీక్షించాలి. ఆ అమ్మాయిని రెండు వారాలు జీతం అడక్కుండా ఒక ల్యాబులో కూర్చోమన్నాను. యంత్రాలు చూసి ముచ్చటపడితే చాలదు. సీసాలు కడగడం, లేబుళ్లు అంటించడం, రోజంతా ఒకే పరీక్ష చేయడం కూడా ఉంటాయి. సాయంత్రానికి అలసిపోయినా, తేడాగా వచ్చిన ఒక రీడింగు గురించి ఇంటికొచ్చాక కూడా ఆలోచిస్తుంటే అది తన పనే. గడియారం వైపే చూపు పోతుంటే కాదు.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది. ల్యాబుల్లో మొదటి జీతం తక్కువ. ఇంట్లో అప్పు తీర్చాల్సిన పిల్లకి డబ్బు కూడా విలువే. దాన్ని చిన్నతనంగా చూడకూడదు. ముందు బ్యాంకు ఉద్యోగమే సరైనది కావచ్చు. అప్పుడు కూడా, కొలిచే చెయ్యికి పని దొరికే విభాగం ఏదో వెతుక్కోవచ్చు.

అమ్మానాన్నలకు ఒక్క మాట. కోచింగ్ ఫీజు కట్టే ముందు వారం రోజులు ఆగి, మీ పిల్ల ఎవరూ చెప్పకుండా చేసిన పనులేవో, మనసొప్పక వదిలేసినవేవో అడిగి రాయించండి. మీకు తెలిసినవి కూడా ఆ కాగితం మీదే చేర్చండి.