డబ్బాలో చివరగా పడేది

దుబాయ్‌లో ఉన్న మా తమ్ముడు ఊరొచ్చినప్పుడల్లా పెట్టె అడుగున చేప డబ్బాలు ఉంటాయి. ఈసారి మూడు రకాలు తెచ్చాడు: నూనెలో కవళ్ళు, ఉప్పునీటిలో ట్యూనా, మామూలు నీటిలో ట్యూనా. మూడూ మూడు పళ్ళాల్లో వంచి చూశాను. చేప పడకముందే డబ్బాలో నూనో నీళ్ళో పోస్తారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కానీ అది పడేది చివరికి. అంతకుముందు జరిగే పనంతా చేపలోని నీటిని బయటికి రప్పించడానికే.

కవళ్ళకు తల, పేగులు తీసి కాసేపు ఉప్పునీటిలో ఉంచుతారు. ఉప్పు నూనెలో కరగదు, తర్వాత పట్టించడం కుదరదు. పచ్చి చేపల్నే డబ్బాలో పేర్చి, మూత లేకుండా ఆవిరి పట్టి, ఊరిన నీళ్ళను డబ్బా బోర్లించి వంపేస్తారు. ఆ నీళ్ళు మిగిలితే నూనె మసకబారుతుంది. అప్పుడే నూనె పోసి, మూత బిగించి, ఆవిరి ఒత్తిడిలో 115 నుంచి 121 డిగ్రీల వేడిలో ఉడికిస్తారు. సూక్ష్మజీవుల బీజాలు చావడానికి అంత వేడి కావాలి. ముళ్ళు నమిలేంత మెత్తబడేదీ అక్కడే.

ట్యూనా, అంటే మన సూర, పెద్ద చేప. అందుకని పేగులు తీసి ముందే ఆవిరిలో ఉడికిస్తారు. వెన్నుముల్లు దగ్గర వేడి దాదాపు 60 డిగ్రీలకు చేరాక చల్లార్చి, తోలు, ముళ్ళు, నల్ల కండ చేత్తో ఒలుస్తారు. ఆ నల్ల కండ ఎక్కువగా పిల్లుల మేతకు పోతుంది. ఒలిచేవాళ్ళ కన్ను ఇక్కడే పనికొస్తుంది: కండలో తేనెపట్టులా గుంటలుంటే చేప ఉడకకముందే పాడైనట్టు. వేడిలో ఆలస్యంగా ఐసు పెట్టిన చేపలో పుట్టే హిస్టమిన్‌ను మాత్రం ఏ ఉడుకూ పోగొట్టదు. అది ఉందో లేదో కళ్ళతో చూసి చెప్పలేం. నాలుక మీద మిరియంలా చురుక్కుమంటే ఆ ముద్ద ఉమ్మేయండి.

ఇక మూడు డబ్బాల మధ్య తేడా. ఉప్పునీటి డబ్బాలో ఉప్పు కండలోకి పోతుంది, కండలో కరిగే రుచి నీళ్ళలోకి వస్తుంది. నీటి డబ్బాలోనూ ఆ రుచి కారుతుంది, కండ కాస్త చప్పగా, పీచుగా ఉంటుంది. ‘నీటిలో’ అని రాసిన డబ్బాల్లోనూ ఉప్పు కలిపి ఉండొచ్చు, చీటీ చదవాలి. నూనె కథ వేరు. చేప కొవ్వు, దానితో ఒమేగా-3 కొంత నూనెలోకి దిగుతుంది. నూనె వంపేస్తే అదీ పోయినట్టే. నీళ్ళు వంపితే అంత పోదు, కొవ్వు నీళ్ళలో కలవదు కదా.

అందుకే కవళ్ళ నూనె పారబోయలేదు. దాంట్లోనే ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేయించి చివర్లో చేప వేశాను. ఉప్పునీటి ట్యూనాను పిండి, కూరలో వేశాక, రుచి చూసి ఉప్పు డబ్బా మూత పెట్టేశాను. తమ్ముడు నీటి ట్యూనా రుచి చూసి, ‘దీనికి నిమ్మకాయ కావాలక్కా’ అన్నాడు.