బొడ్డుతాడు మీద రెండు వేళ్లు

మైపాడు దగ్గర పట్టపుపాలెం నుంచి కాన్పుకొచ్చిన అమ్మాయి మొన్న మా లేబర్ రూమ్‌లో కొడుకును కంది. బిడ్డ ఏడుపు విన్న వాళ్లత్తకు ఆత్రం ఆగలేదు. "బొడ్డు కోయరేమ్మా?" అంది. "మూడు నిమిషాలు ఆగు పెద్దమ్మా, వాడి నెత్తురు ఇంకా కొంత మాయలోనే ఉంది" అన్నాను.

తాడు లావుగా, నీలంగా ఉంది. గ్లవ్స్ వేసుకున్న నా రెండు వేళ్ల కింద కొట్టుకుంటోంది. బిడ్డను తుడిచి, తల్లి పొట్ట మీదే పడుకోబెట్టి పొడి గుడ్డ కప్పాం. తల్లికి 10 యూనిట్ల ఆక్సిటోసిన్ సూది అప్పటికే వేసేశాం. ఆ సూదికి బొడ్డు కోసేదాకా ఆగనక్కర్లేదు. కాసేపటికి వేళ్ల కింద కదలిక ఆగింది. తాడు తెల్లబడి మెత్తగా వాలిపోయింది. అప్పుడు క్లాంప్ వేశాను.

అలా ఆగితే నెలలు నిండిన బిడ్డకు అదనంగా అందే నెత్తురు 80 నుంచి 100 మిల్లీలీటర్లు. మూడు కిలోల బిడ్డ ఒంట్లో మొత్తం ఉండేదే పావు లీటరు. తల్లిపాలలో ఇనుము తక్కువ కాబట్టి ఆరు నెలలదాకా బిడ్డను కాచేది ఈ నెత్తుటితో చేరే ఇనుము నిల్వే. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత తేలింది. రక్తహీనతను తగ్గించడానికి 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్‌లో ఈ ఆగడాన్ని కూడా చేర్చారు. పసిరికలు కొంచెం ఎక్కువగా కనిపించొచ్చు గనక రెండో రోజు, మూడో రోజు బిడ్డ ఒంటి రంగు వెలుతురులో చూడాలి.

నెలలు నిండని బిడ్డకు లాభం ఇంకా పెద్దది. ఆగడం వల్ల వీళ్లలో మరణాలు తగ్గాయని 2023లో లాన్సెట్‌లో వచ్చిన విశ్లేషణ చూపింది. బిడ్డ ఊపిరి తీస్తుంటే కనీసం ఒక నిమిషం ఆగుతాం, ఒళ్లు చల్లబడకుండా చూసుకుంటూ. తొందరకొద్దీ తాడును పిండి నెత్తురు బిడ్డలోకి తోయడం మాత్రం వద్దు. 28 వారాలు నిండని పిల్లల్లో అలా పిండితే మెదడులో రక్తస్రావం పెరుగుతోందని ఒక పరీక్షను మధ్యలోనే ఆపేశారు.

ఆగకూడని వేళలూ ఉన్నాయి. తాడు తెగినా, తల్లికి నెత్తురు ఆగకుండా పోతున్నా, తుడిచి వీపు రుద్దినా బిడ్డ ఊపిరి అందుకోకపోయినా వెంటనే కోసేయాలి. చాన్నాళ్ల కిందట ఒకామె పొట్ట రాయిలా బిగుసుకుపోయి, నల్లటి నెత్తురు పోతూ వచ్చింది. మాయ ముందే విడిపోయింది. బిడ్డ తెల్లగా పాలిపోయి, చేతులు వేలాడేసి పుట్టింది. రెండు వేళ్లు పెట్టి చూస్తే తాడు కొట్టుకోవడం అందీ అందనట్టుంది. అందులోంచి బిడ్డకు రావాల్సిందేమీ మిగల్లేదు. క్లాంప్ వేసి, కోసి, వార్మర్ మీద పెట్టి బ్యాగుతో ఊపిరి ఊదాం. ఆ కేస్ షీట్‌లో పుట్టిన టైమూ, బొడ్డు కోసిన టైమూ ఒకటే నిమిషం.