మాట నిలబెట్టే బెదిరింపు

ఇద్దరు ఖైదీల కథ చాలామందికి తెలుసు. 1950లో ఫ్లడ్, డ్రెషర్ కలిసి ఆట తయారుచేస్తే, ఆల్బర్ట్ టకర్ దానికి ఖైదీల కథ తొడిగాడు. ఒక్కసారే ఆడితే ఇద్దరూ ఒకరినొకరు పట్టిస్తారు, అక్కడితో సరి. అసలు పనితనమంతా ఆ ఆటను అంతు తెలియకుండా మళ్లీ మళ్లీ ఆడినప్పుడే. కాగితం, సంతకం, కోర్టు ఏవీ లేకుండా ఇద్దరు వ్యాపారులు కుమ్మక్కయి ధర పైనే ఎలా ఉంచగలరు? 1971లో జేమ్స్ ఫ్రీడ్‌మన్ దీనికి చక్కని జవాబిచ్చాడు. నువ్వు మాట మీద ఉన్నంతకాలం నేనూ ఉంటాను. ఒక్కసారి తప్పావా, ఇక ఎప్పటికీ పోటీయే. దీని పేరే గ్రిమ్ ట్రిగ్గర్.

లెక్క వేసి చూస్తేనే దీని అందం తెలుస్తుంది. మార్కెట్లో ధర, 130లోంచి మొత్తం సరుకు తీసేస్తే మిగిలేది అనుకుందాం. ఒక్కో యూనిట్ తయారీకి ఖర్చు 10. ఇద్దరూ కుమ్మక్కయి చెరో 30 అమ్మితే ధర 70, ఒక్కొక్కరి లాభం 1800. మామూలు పోటీలో చెరో 40 అమ్ముతారు, ధర 50కి దిగుతుంది, లాభం 1600. అవతలివాడు మాట ప్రకారం 30 దగ్గరే ఉండగా నేను గుట్టుగా 45 దింపితే ధర 55, నాకు 2025.

అంటే మోసానికి ఈ విడత దక్కే అదనం 225. దానికి శిక్ష, వచ్చే విడత నుంచి ప్రతిసారీ 200 నష్టం. రేపటి రూపాయి ఈరోజు ఎంత విలువ చేస్తుందో చెప్పేదే డిస్కౌంట్ ఫ్యాక్టర్, δ. ఆ నష్టాలన్నిటికీ నేటి విలువ 200δ/(1−δ). అది 225కి తగ్గకూడదు. సర్దితే:

δ ≥ 225/425 = 9/17, సుమారు 0.53.

ఈ గీత దాటితే మాట నిలుస్తుంది, దాటకపోతే కూలుతుంది. అయితే ఇది మోసం మరుసటి విడతకే బయటపడే చోట మాట. పట్టుబడటానికి రెండు విడతలు పడితే δ² అంత ఉండాలి, అంటే δ దాదాపు 0.73. కుమ్మక్కును చెడగొట్టేది వడ్డీ కంటే ఎక్కువగా ఈ ఆలస్యమే.

నిజం బజారులో ఇంకో చిక్కు ఉంది. ఎవరూ మోసం చేయకపోయినా గిరాకీ తగ్గి ధర పడిపోవచ్చు. అప్పుడు శాశ్వత శిక్ష వేస్తే ఏ పాపం ఎరగనివాళ్ల పొత్తు కూడా చితికిపోతుంది. అందుకే గ్రీన్, పోర్టర్ 1984లో కొంతకాలమే సాగే శిక్షను గీశారు. 1880ల్లో షికాగో నుంచి తూర్పు తీరానికి ధాన్యం మోసిన అమెరికన్ రైల్వే కంపెనీల కూటమిలో ధరల యుద్ధాలు వచ్చి పోతూ ఉండటాన్ని పోర్టర్ ఆ కళ్లతోనే చదివాడు.

కానీ నా ఓటు దిలీప్ అబ్రూకే. శిక్ష పొడుగ్గా ఉండనక్కర్లేదు, కరుగ్గా ఉంటే చాలని 1986లో చూపించాడు. మన లెక్కలోనే చూడండి. ఎవరైనా తప్పితే ఒక్క విడత ఇద్దరూ చెరో 50 దింపుతారు. ధర 30కి పడి లాభం 1000 అవుతుంది. ఆ మరుసటి విడత మళ్లీ 30, మళ్లీ 1800. శిక్షను ఎగ్గొట్టినా అదే శిక్ష మళ్లీ మొదలు. ఇప్పుడు భయం 800, ఆశ 225. శిక్ష నుంచి తప్పుకుంటే దక్కేది 1225, అక్కడా అదనం సరిగ్గా 225 మాత్రమే. కనుక కావలసిన δ 225/800, అంటే 9/32, సుమారు 0.28. శాశ్వత శిక్షకు సగానికి పైగా కావాలన్న ఓపిక, ఒక్క విడత దెబ్బకు పావు మీద కాస్తతో సరిపోయింది! దీన్ని మించిన చేతి పనితనం ఈ శాస్త్రంలో నేను చూడలేదు.

ఇంత సొగసైన విద్య గైడు పుస్తకాల చేతిలో పడి ఏమైంది? ‘δ సగం ఉంటే చాలు’ అని ఒక్క ముక్క బట్టీ కొట్టిస్తున్నారు. ఆ సగం, ఒకే సరుకును ఒకే ఖర్చుతో తయారుచేసే ఇద్దరు ధర మీద పోటీపడే చోటిది. అలాంటి చోటే ఐదుగురుంటే 0.8 కావాలి. సరుకు పరిమాణం మీద పోటీ అయితే లెక్కే వేరు. ఇంకోవైపు ‘దెబ్బకు దెబ్బ’ భక్తులు. ఆక్సెల్‌రాడ్ పోటీల్లో రాపోపోర్ట్ పంపిన ఆ ఎత్తు గెలిచిన మాట నిజమే. కానీ ఒకసారి తప్పు జరిగాక ఇద్దరూ దాన్నే పట్టుకుంటే వంతులవారీగా కొట్టుకుంటూనే ఉంటారు. కొట్టాల్సినవాడికి కొట్టడం నిజంగా లాభమేనా అని వీళ్లు అడగనే అడగరు. అమలు చేయడానికి మనసొప్పని శిక్ష ఎవరినీ భయపెట్టదు.

పాఠం చెప్పేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. δ విలువ బోర్డు మీద రాసే ముందు మూడు అంకెలు రాయించండి: మాట మీద ఉంటే ఎంత, తప్పితే ఎంత, శిక్షలో ఎంత. ఆ తర్వాత, శిక్ష వేసేవాడు దాన్ని ఎగ్గొడితే ఏం మిగులుతుందో కూడా లెక్క కట్టించండి. కొనేవాడి జేబుకు చిల్లు పెట్టే కుమ్మక్కు ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ దాన్ని విరగ్గొట్టవచ్చో ఈ నాలుగో లెక్క చేసినవాడికే తెలుస్తుంది.